ఐదున్నరకు మూసేసిన రోజులు

మా కంపెనీలో రొయ్యకున్న లెక్క మనిషికి లేదు. కిలోకు ముప్పై తూగే రొయ్య ఎంత వచ్చింది, యాభై తూగేది ఎంత వచ్చింది, తలకాయ తీసినాక ఎంత తరుగు పోయింది, అన్నీ గ్రాములతో సహా చెబుతారు. మే నెలలో నేను ఎన్ని గంటలు ఎక్కువ పనిచేశానో చెప్పమంటే మాత్రం ఒక్కరికీ నోరు పెగలదు.

నా పేరు అబిగయీలు. జువ్వలదిన్నె దగ్గర మా ఊరు. రొయ్యల కంపెనీలో వొలిచే బల్ల దగ్గర ఆరేళ్ల నుంచి పని. కంపెనీలో పనే గాని కంపెనీ మనిషిని కాను, కాంట్రాక్టు మనిషిని. కావలిలో ఆఫీసు పెట్టుకున్న మస్తానయ్య మా కాంట్రాక్టరు. ఎనిమిది గంటలకు నాలుగు వందల ఎనభై కూలీ. ఐదున్నర దాటితే ఓటీ, గంటకు రెట్టింపు, అంటే నూట ఇరవై. ఈ ముక్క నేను కల్పించి చెప్పేది కాదు, గేటు పక్కన బోర్డు మీద తెలుగులోనే రాసి ఉంది.

వేసవిలో చెరువులు పట్టుబడికి వస్తాయి గదా, మే నెలంతా లారీల మీద లారీలు. పద్దెనిమిది రోజులు రాత్రి ఎనిమిది దాకా నిలబెట్టారు. రోజుకు రెండున్నర గంటలు, మొత్తం నలభై ఐదు. చర్చి క్యాలెండరు మీద ఏ రోజుకు ఆ రోజు పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నాను. ఐదు వేల నాలుగు వందలు రావాలి. జూన్ ఏడో తేదీన చేతికిచ్చిన స్లిప్పులో ఒకే ఒక్క ముక్క: ఓటీ, రెండు వేల ఒక వంద.

అంతే. ఎన్ని గంటలు, ఏ రోజులు, ఏమీ లేదు.

మూడు వేల మూడు వందలు తక్కువ. అది లేకపోతే మా ఇంట్లో ఏమవుతుందో చెబుతాను. మా ఆయన క్రీస్తురాజు పెంచలప్రసాద్ బోటులో వేటకు పోతాడు. వేట నిషేధం పద్నాలుగో తేదీతో అయిపోతుంది, పదిహేను తెల్లారి బోటు సముద్రంలోకి దిగాలి. ఇంజను బాగు చేయించినందుకు ఒక్కొక్కరు నాలుగు వేలు వేసుకోవాలని ముందే అనుకున్నారు. పద్నాలుగు సాయంత్రానికి డబ్బు పెట్టనోడి చోటు ఇంకొకడికి పోతుంది. రెండు నెలలు ఆయన ఇంట్లో కూర్చున్నాడు, నా జీతమూ ఆ రెండు వేల ఒక వందా పాత బాకీలకు పోగా మిగిలింది ఏడు వందలు. మిగతాది నా ఓటీ మీదే పెట్టుకున్నాం.

ముందు సూపర్‌వైజరు జయకుమార్‌ను అడిగాను. "నాకేం తెలుసమ్మా, కాంట్రాక్టరును అడుగు" అన్నాడు. మస్తానయ్యకు ఫోను చేస్తే, "కంపెనీ నుంచి ఎన్ని గంటలు రాసి పంపితే అన్నిటికే నేను కట్టేది. హెచ్ఆర్ వాళ్లను అడుగుపో" అన్నాడు. మధ్యాహ్నం అన్నం మానుకుని హెచ్ఆర్ గది దగ్గరికి పోయాను. లోపల క్రాంతి కుమార్ సారు ఏసీలో కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో.

"మీరు మా రోల్స్‌లో లేరమ్మా. మీ లెక్క మీ కాంట్రాక్టరు చెప్పాలి" అన్నాడు.

"ఆయన మిమ్మల్ని అడగమన్నాడు సార్."

"అట్లా ఎట్లా అంటాడు?"

"అదేదో మీరే ఫోను చేసి అడగండి సార్. నేను ఇద్దరి మధ్యలో ఎన్ని తూర్లు తిరగాల?"

ఆయన ఫోను చేయలేదు. "మీటింగుంది, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. నోటితో అడిగితే నోటితోనే తరుముతున్నారు, ఇక కాగితం మీద అడగాల్సిందే అనుకున్నాను. పదో తరగతి దాకా చదివింది దేనికి? ఆ రాత్రే కూర్చుని రాశాను.

"హెచ్ఆర్ వారికి, వొలిచే విభాగం కాంట్రాక్టు కార్మికురాలు అబిగయీలు రాయునది. మే నెల ఓటీ కింద నాకు రూ. 2,100 ఇచ్చారు. అది ఎట్లా లెక్క కట్టారో నాకు తెలియదు. ఏ తేదీన నేను ఎన్నింటికి వచ్చినట్టు, ఎన్నింటికి పోయినట్టు మీ దగ్గర ఉంది, అందులో ఎన్ని గంటలు ఓటీగా తీసుకున్నారు, గంటకు ఎంత వేశారు, ఏమైనా కోశారా, ఇవన్నీ తేదీల వారీగా కాగితం మీద ఇవ్వగలరు. నా లెక్క ప్రకారం 18 రోజులు, 45 గంటలు. ఆ రోజుల్లో రాత్రి బస్సు రిజిస్టరులో నా సంతకాలు ఉన్నాయి, సరిచూసుకోగలరు. దీని కాపీ కాంట్రాక్టరు మస్తానయ్య గారికి కూడా ఇస్తున్నాను."

బస్సు సంగతి రాసేటప్పుడు అదేదో పెద్ద అస్త్రమని నాకు తెలియదు. రాత్రిపూట ఆడవాళ్లను ఇంటికి చేర్చినట్టు రుజువుండాలని కంపెనీ ఒక రిజిస్టరు పెట్టింది. బస్సెక్కే ముందు టైము వేసి సంతకం పెట్టాలి. మన రొయ్యలు కొనే విదేశీ వాళ్ల తరఫున ఆడిటర్లు వచ్చినప్పుడు అదే చూపిస్తారు.

రెండు కాపీలు తీసుకుపోయి, ఒకదాని మీద ముట్టినట్టు స్టాంపు వేయమన్నాను. క్రాంతి కుమార్ సారు "ఎందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. "ఎందుకో అందులోనే రాసినాను సార్, చదవండి" అని అక్కడే నిలబడ్డాను. గౌనూ గమ్‌బూట్లూ తడిగా ఉన్నాయి, ఆ గది నేలంతా రొయ్య వాసన కొట్టింది. అందుకే త్వరగా స్టాంపు వేశాడని నా అనుమానం.

మూడు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. పదకొండో తేదీ సాయంత్రం మస్తానయ్యే మా ఇంటికొచ్చాడు. ఆరేళ్లలో మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. కుర్చీ వేస్తే కూర్చోకుండా జేబులోంచి డబ్బు తీశాడు.

"ఇదో, మూడు వేల మూడొందలు. నా చేతి నుంచి ఇస్తాండా. రేపు పోయి ఆ లెటరు వెనక్కి తీసుకోమ్మా. ఊరికే గోల."

"లెక్క ఏందన్నా మరి? ఎందుకు తగ్గిందంట?"

"లెక్కెందుకు నీకు? నీకు కావాల్సింది దుడ్లే గదా?"

క్రీస్తురాజు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. తీసుకోవే అనే చూపు. నాకూ చెయ్యి లాగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ డబ్బు తీసుకుంటే పదిహేను తెల్లారి మా ఆయన బోటులో ఉంటాడు. కానీ కష్టపడ్డ గంటలకు నాకు దానం చేస్తున్నట్టు నిలబడ్డాడు చూడండి, అక్కడ మండింది నాకు. ఈ నెల ఆయన జేబులోంచి ఇస్తాడు, వచ్చే నెల ఎవరి జేబులోంచి? బల్ల దగ్గర నాతో నిలబడే వాళ్లందరికీ ఎవరిస్తారు?

"లెటరుకు జవాబు రానీ అన్నా. అందులో ఇంతని రాసి ఇస్తే అదే తీసుకుంటా" అన్నాను.

"నీ ఇష్టం. గేటు పాసు నెలాఖరుకు అయిపోతాది గదా, అప్పుడు చూద్దాం" అని డబ్బు జేబులో పెట్టుకుని పోయాడు.

ఆ రాత్రి క్రీస్తురాజు తిట్టినా బాగుండేది. అన్నం కంచం తనే కడిగి పెట్టుకుని పడుకున్నాడు. నేను చేసింది పౌరుషమా, పిచ్చిపనా అని తెల్లారేదాకా దొర్లాను.

మరుసటి రోజు హెచ్ఆర్ గదికి పిలుపొచ్చింది. క్రాంతి కుమార్ సారు ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి వేలిముద్ర మిషన్ లెక్క, ఒకటి బస్సు రిజిస్టరు నకలు. మనిషి మొహం వాడిపోయి ఉంది.

"ఏడు రోజులు మీరు పోయిన టైము మిషన్‌లో ఉంది. పదకొండు రోజులు లేదు. పోయిన టైము లేకపోతే సిస్టమ్ దానంతటదే ఐదున్నరకు పోయినట్టు మూసేస్తుంది. బస్సు రిజిస్టరు చూస్తే ఆ పదకొండు రోజులూ ఎనిమిదింబావుకు ఎక్కినట్టు మీ సంతకం ఉంది. వేలు ఎందుకు పెట్టలేదమ్మా?"

"పెట్టినాను సార్. మీ మిషనే తీసుకోలేదు."

నమ్మలేదు. తన బల్ల మీదున్న చిన్న మిషన్ ముందుకు జరిపాడు. అప్పటికి నేను ఆరు గంటలుగా ఐసులో చెయ్యి పెట్టి రొయ్య వొలుస్తున్నాను. కుడి చూపుడు వేలు పెట్టాను. మళ్లీ పెట్టండి, అంది మిషన్. తుడిచి పెట్టాను. మళ్లీ పెట్టండి. ఎడమ చెయ్యి పెట్టాను. మళ్లీ పెట్టండి. మా సారు నా వేళ్ల వైపు మొదటిసారి చూశాడు. ఆరేళ్లు ఐసూ క్లోరిన్ నీళ్లూ రొయ్య డొప్పలూ తిన్న వేళ్లవి. పొద్దున ఆరి ఉన్నప్పుడు ఎట్లాగో పడతాయి. సాయంత్రానికి నాని, ముడతలు పడి, గీతలే కనిపించవు.

"మరి పడనప్పుడు సూపర్‌వైజరు ఫారం రాసి పంపాలి గదా?"

"బస్సు హారను కొడతా ఉంటాది సార్. పోండమ్మా, నేను రాసుకుంటాలే అంటాడు జయకుమార్. మేం నమ్మి ఎక్కేస్తాం."

సారు కంప్యూటర్‌లో వెతికాడు. జయకుమార్ పంపిన ఫారం ఒక్కటీ లేదు. తల పట్టుకున్నాడు. ఎక్కువ రొయ్య వొలిచినోళ్ల వేళ్లు ఎక్కువ అరిగాయి, వేళ్లు అరిగినోళ్లకే ఓటీ తగ్గింది. ఇంత పెద్ద చదువులు చదివినోళ్లు పెట్టిన మిషన్ చేసే నిర్వాకం ఇది!

కానీ ఆ హెచ్ఆర్ పిల్లాడిని పూర్తిగా తిట్టలేను. అప్పటికప్పుడు పద్దెనిమిది తేదీలూ వరుసగా కొట్టి, పోయిన టైము, గంటలు, గంటకు నూట ఇరవై, ఇచ్చింది ఎంత, ఇంకా రావలసింది ఎంత, అంతా వేసి, కింద సంతకం పెట్టి స్టాంపు గుద్దాడు. రావలసింది రూ. 3,300. అది జులై ఏడో తేదీ జీతంతో కాంట్రాక్టరు కట్టాలి, లేకపోతే కంపెనీ కట్టి ఆయన బిల్లులో కోసుకుంటుంది అని కూడా రాశాడు. లెటరు పెట్టినందుకు గేటు పాసు ఆగదని నోటితో చెబితే, అదీ రాయమన్నాను. నవ్వి రాశాడు.

జులై ఏడు! బోటు పోయేది జూన్ పదిహేను. కాగితం గెలిచి ఏం లాభం?

పద్నాలుగో తేదీ సాయంత్రం ఏడు వందలూ ఆ కాగితమూ పట్టుకుని పెంచలప్రసాద్ ఇంటికి పోయాం. క్రీస్తురాజు సిగ్గుతో వాకిట్లోనే నిలబడిపోయాడు. పెంచలప్రసాద్ కాగితం అటూ ఇటూ తిప్పి, "నాలుగు వేలంటే ఏడొందలు తెచ్చినావేందన్నా? మిగతాది కాగితమా?" అన్నాడు. అప్పుడే వాళ్లమ్మ మాలకొండమ్మ లోపలి నుంచి వచ్చింది. మాలకొండమ్మక్క నా బల్ల దగ్గరే, నా ఎడమ పక్కనే నిలబడుతుంది. పదిహేనేళ్ల చెయ్యి. మా అందరికంటే గబగబా వొలిచేది ఆమే.

"ఏముందే అందులో? చదువు."

చదివాను. పదకొండు రోజులు మిషన్ ఐదున్నరకు మూసేసిన సంగతి, వేళ్ల సంగతి, అన్నీ చెప్పాను.

"మొన్న మా ప్రసాదు కూడా అడిగినాడు, ఓటీ ఓటీ అని రాత్రిదాకా ఉంటివి, దుడ్లేవమ్మా అని. నాకేం చెప్పాల్నో తెలవలా" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "స్టాంపు గుద్ది ఇచ్చినారు గదరా. జులై ఏడుకు ఇస్తాది. రాజును ఎక్కించుకో."

పెంచలప్రసాద్ ఏడు వందలు లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు. "నాలుగింటికే వచ్చెయ్యన్నా" అని క్రీస్తురాజును కేకేశాడు. వాకిట్లో మా ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

లేవబోతుంటే మాలకొండమ్మక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మనవరాలి నోటు పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చించి నా ముందు పెట్టింది.

"నాకూ అట్నే రాసిపెట్టు. నాకెంత వచ్చిందో తెలుసునా? ఆరొందలు."

ఇద్దరం ఒకే బల్ల, ఒకే బస్సు. రాశాను. కింద సంతకం దగ్గర ఆగాను, ఆమెకు చదువు రాదు. పెంచలప్రసాద్ బోటు కాగితాల సంచిలోంచి ఇంకు ప్యాడు తెచ్చాడు. ఆమె ఎడమ బొటనవేలు అద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తి తీసింది.

గీతలు లేవు. ఒక్కటంటే ఒక్క గీత లేదు. నున్నటి నీలం మరక.

"సరిగా పడలేదేమో, ఇంకోసారి ఒత్తేదా?" అంది మాలకొండమ్మక్క.

"వద్దక్కా, ఇట్నే ఇద్దాం" అన్నాను.