తర్వాత ఏం మారింది

ఆస్పత్రిలో అందరూ ఆవిడను సూదక్క అనేవారు. తెల్లవారుజామున ఐదున్నరకల్లా ట్రే పట్టుకుని మూడంతస్తుల వార్డులూ తిరిగి, రోగుల రక్తం తీసి ల్యాబ్‌కు పంపడం ఆవిడ పని. పదిహేడేళ్ళుగా అదే పని. ఎంత నరం దొరకని చేతిలోనైనా ఒక్క పోటుతో పట్టేస్తుందని పేరు. పేరుంటే మాత్రం మోకాళ్ళ నొప్పి తగ్గుతుందా? అందుకే రక్తసేకరణ విభాగం సూపర్‌వైజర్ పోస్టు మీద ఆశ పెట్టుకుంది. అందులో మెట్లెక్కే పని లేదు. తొమ్మిదింటికి వచ్చి ఐదింటికి ఇంటికి పోవచ్చు.

రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్ళింది, రెండుసార్లూ ఒకే ప్రశ్న దగ్గర బోల్తా పడింది. "పనిలో మీరు విఫలమైన సందర్భం ఒకటి చెప్పండి" అంటారు. మొదటిసారి, "అలాంటివేం లేవండీ" అంది. రెండోసారి ఎవరో చెబితే విని, "పనంతా నా నెత్తినే వేసుకుంటానండీ, అదే నా లోపం" అంది. బోర్డువాళ్ళు తలైనా ఎత్తలేదు. ఆ పూట అప్పటికే అరడజను మంది నోట ఆ మాట విని ఉంటారు, పాపం. ఇది మూడోసారి. వచ్చే ఏటికి వయోపరిమితి దాటిపోతుంది, ఇక ఆ కుర్చీ గురించి తలచుకోవడం కూడా దండగే.

ఆవిడ తోడికోడలు ఒక కంపెనీలో ఉద్యోగులను ఎంపిక చేసే విభాగంలో పనిచేస్తుంది. ఆదివారం ఇద్దరూ ఉతికిన బట్టలు మడతలు పెడుతుంటే పాఠం మొదలుపెట్టింది.

"నువ్వు చేసిన తప్పొకటి చెప్పక్కా."

"ఓసారి ఖాళీ ట్యూబుల డబ్బా కింద పడేశాను."

"అది తప్పు కాదు, చప్పుడు. ఇంకోటి చెప్పు."

"ఓ రోజు డ్యూటీకి గంట ఆలస్యంగా వెళ్ళాను. బస్సు రాలేదు."

"అది బస్సు తప్పు. నీ చేతుల మీదుగా జరిగింది కావాలి. దానివల్ల ఎవరో ఒకరికి ఇబ్బంది కలిగుండాలి. అయితే అప్పట్నుంచి నువ్వు మారుండాలి. ఏం జరిగిందో రెండు ముక్కల్లో చెప్పేసి, ఏం మారిందో తీరిగ్గా చెప్పు. వాళ్ళు చెవులు రిక్కించేది దానికే. ఇంకోటి, 'మేము' అనకు, 'నేను' అను."

సూదక్క చేతిలోని తువ్వాలు మడత సగంలో ఆగింది. ఒక పాత సంగతి చెప్పింది. నాలుగేళ్ళ కిందటి వరకూ ఆవిడ ట్యూబుల మీద రోగుల పేర్లున్న చీటీలు ముందే కౌంటర్ దగ్గర అంటించుకుని వార్డుకు పోయేది. అలా చేస్తే పని త్వరగా తెములుతుంది. ఒక తెల్లవారుజామున ఏడో మంచం ట్యూబులు ఎనిమిదో మంచం ఆవిడకు వాడింది, ఎనిమిదోవి ఏడో మంచం ఆవిడకు. రిపోర్టులు తారుమారయ్యాయి. నిక్షేపంగా ఉన్నావిడకు రక్తం తక్కువని ఆపరేషన్ వాయిదా పడింది. నిజంగా తక్కువున్నావిడకు రక్తం ఎక్కించడం ఒకటిన్నర రోజు ఆలస్యమైంది. డాక్టరుకు అనుమానం వచ్చి మళ్ళీ పరీక్ష చేయించబట్టి ఆవిడ గట్టెక్కింది.

"ఇదీ అసలైన ఉదాహరణ!" అంది తోడికోడలు. "ఇన్నాళ్ళూ ఇది దాచుకుని డబ్బాలూ బస్సులూ చెబుతావేంటక్కా?"

సూదక్క నవ్వలేదు. చెప్పినదాంట్లో ఒక ముక్క మింగేసింది మరి. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా మనిషి బేరమాడతాడు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. నర్సింగ్ సూపరింటెండెంటు, సిబ్బంది వ్యవహారాల అధికారి, ల్యాబ్ పెద్ద డాక్టరు. సాయంత్రం నాలుగు దాటింది. ముగ్గురి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. ప్రశ్న రానే వచ్చింది. సూదక్క ఏడో మంచం, ఎనిమిదో మంచం సంగతి రెండు ముక్కల్లో చెప్పేసింది.

"తర్వాత ఏం మారింది?" అన్నాడు అధికారి, మొదటిసారి తలెత్తి.

"ముందుగా చీటీ అంటించడం ఆ రోజే మానేశానండీ. రక్తం తీశాక, మంచం పక్కనే నిలబడి అంటిస్తాను. 'మీరు ఫలానా కదా' అని అడగను. నిద్రమత్తులో ఏ పేరు చెప్పినా ఊ అంటారు. 'మీ పేరేంటి' అని వాళ్ళతోనే చెప్పించి, చేతికి కట్టిన పేరు పట్టీతో సరిచూస్తాను. ఈ నాలుగేళ్ళలో నా చేతి మీద ఒక్కటీ తారుమారు కాలేదు."

అధికారి కలం చకచకా కదిలింది. సూపరింటెండెంటు చిన్నగా నవ్వింది. సూదక్కకు కుర్చీ ఖాయమనిపించింది.

"అది మీలో వచ్చిన మార్పు," అన్నాడు ల్యాబ్ డాక్టరు నెమ్మదిగా. "మీతో పాటు ఇంకో తొమ్మిది మంది రక్తం తీస్తారు. వాళ్ళలో ఏం మారింది?"

ఆ తొమ్మిది మందీ ఇవాళ పొద్దున కూడా కౌంటర్ దగ్గరే చీటీలు అంటించుకున్నారు. సూదక్క కళ్ళారా చూసింది. ఆదివారం మింగేసిన ముక్క ఇప్పుడు గొంతులో అడ్డం పడింది. అబద్ధం చెప్పడం కష్టమేం కాదు. 'అందరికీ నేర్పానండీ' అంటే అయిపోయేది. కానీ నాలుగేళ్ళుగా ఆ ముక్కను మోసి మోసి అలిసిపోయింది.

"ఏమీ మారలేదండీ," అంది. "విచారణలో ట్యూబులు ల్యాబ్‌లో తారుమారయ్యాయని తేల్చారు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆ రోజు డ్యూటీలో ఉన్న టెక్నీషియన్‌కు మెమో ఇచ్చారు. ల్యాబ్‌లో ప్రతి ట్యూబూ రెండుసార్లు సరిచూడాలని రూలు పెట్టారు. చీటీయే తప్పయినప్పుడు, ల్యాబ్‌లో ఎన్నిసార్లు చూసినా ఏం తెలుస్తుందండీ? తప్పు జరిగింది నా దగ్గర, మారింది అక్కడ."

ల్యాబ్ డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "ఆ మెమో మీద సంతకం నాదే," అన్నాడు.

అధికారి ఫైలు మూశాడు. ఇది విన్నాక విచారణ మళ్ళీ తెరవక తప్పదనీ, అది తేలేవరకూ ఈ పోస్టుకు ఆవిడ పేరు పరిశీలించడం కుదరదనీ చెప్పాడు. గొంతులో కోపం లేదు. ఎప్పటికి తేలుతుందని సూదక్క అడగలేదు. ఎప్పటికి తేలినా వయసు ఆగదు.

మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఇంటికి పోకుండా ల్యాబ్‌కు వెళ్ళింది. మెమో అందుకున్న టెక్నీషియన్ సాయంత్రం షిఫ్టులో ఉన్నాడు. నలభై దాటిన మనిషి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. జాబితా దగ్గర పెట్టుకుని ట్యూబులు ఒక్కొక్కటే రెండోసారి సరిచూస్తున్నాడు. దానికి రోజూ గంటన్నర పడుతుందని ల్యాబ్ అంతా గొణుక్కోవడం ఆవిడ ఎరుగును. నిలబడే మొత్తం చెప్పేసింది. క్షమించమని కూడా అడిగింది. తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

అతను ట్యూబు స్టాండులో పెట్టాడు.

"మెమో వచ్చిన మొదట్లో నేను మార్చలేదని అందరితో వాదించానక్కా," అన్నాడు. "తర్వాత నాకే అనుమానం వచ్చింది. మార్చేశానేమో అనుకున్నా. ఇక్కడ ఉండబుద్ధి కాక బయట ఆస్పత్రుల్లో రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. విఫలమైన సందర్భం చెప్పమన్నారు. ఇదే చెప్పాను. ట్యూబులు నేనే మార్చానని, అప్పట్నుంచి ప్రతిదీ రెండుసార్లు చూస్తున్నానని. చెప్పీ చెప్పీ, మార్చినట్టు నా చేతులు నాకు కనబడేవి కూడా."

సూదక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"వాళ్ళేమన్నారు?" అంది.

"ఉద్యోగం ఇవ్వలేదు. నిజాయితీగా చెప్పానని మాత్రం మెచ్చుకున్నారు."