జాడ తెరుచుకోలేదు

సముద్రం మీదికి పోయే మొగుడితో ఏ ఆడమనిషీ 'పో' అనదు. తాటికుప్పంలో అది ఒకరు కూర్చోబెట్టి నేర్పే సంగతి కాదు, తల్లిపాలతో పాటు వచ్చే సంగతి. అతను "పోయొస్తా" అంటాడు, ఆమె "పోయిరా" అంటుంది. ఆ మాటలో పంపడం సగం, వెనక్కి పిలవడం సగం. దుర్గ ఆ రోజు సగమే అంది.

తప్పంతా దుర్గదే అనడానికి లేదు. ఆమె మొగుడు పెంచల్ మద్రాసు హార్బరులో పెద్ద బోటు మీద పనిచేస్తాడు. ఇరవై రోజులు సముద్రం, పది రోజులు ఇల్లు అన్నది లెక్క. ఈసారి నాలుగో రోజే ఓనరు ఫోను చేశాడు, ఈయన సంచి సర్దాడు. పది రోజులుంటానన్నావే అని ఆమె, ఐసు ఎక్కించేసినారంట అని ఇతను. మాట మీద మాట పెరిగింది. "అంత తొందరగా ఉంటే పో!" అనేసింది దుర్గ. పెంచల్ ఒక కాలికి చెప్పు తొడుక్కుని ఒక్క క్షణం ఆగాడు. మిగతా సగం కోసమే ఆగాడు. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

కోపం ఎంతసేపుంటుంది? ఆటో మలుపు తిరిగేసరికి దిగిపోయింది. ఫోను చేస్తే అతను ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నకి బోటు టవర్లు దాటి పోయింది.

అయినా దారి లేకపోలేదు. ఓనరు బోటు మీద ఉపగ్రహంతో మాట్లాడే పెట్టె ఒకటి బిగించాడు, దానికి తోడు 'జాడ' అనే యాప్ ఒకటి పెట్టించాడు. దాన్ని తెరిస్తే నీలం సముద్రం మీద చిన్న చుక్క కనబడుతుంది. అదే బోటు. అక్కడ మనుషులు తమ ఫోనును ఆ పెట్టెకు కలిపి రెండు ముక్కలు రాస్తే ఇక్కడ ఇంటివాళ్ల ఫోనులో పడతాయి, వీళ్లు రాసింది అక్కడికి చేరుతుంది. గొంతు వినపడదు, మొహం కనపడదు. అయినా దుర్గకు ఆ చుక్క మీద వేలు పెడితే చాలు, పెంచల్ వీపు మీద చెయ్యి వేసినట్టే ఉండేది.

మరి మొదటి రోజే ఆ మిగతా సగం రాసి పంపొచ్చు కదా అంటారు. పంపొచ్చు. కానీ పంతం అని ఒకటుంటుంది. ఫోను ఎత్తనివాడు ముందు తనే రాయనీ అనుకుంది. రెండు రోజులు చుక్కను చూసుకుంటూ కూర్చుంది.

మూడో రోజు ఇసుకలో చేపలు ఎండేస్తుంటే ఫోను టింగుమంది. 'మీకు ఒక సందేశం వచ్చింది, జాడలో చూడండి' అని ఉంది. చేతులు చీరకు తుడుచుకుని యాప్ నొక్కింది. చుక్క కనబడింది, పక్కన ఎర్రగా ఒకటి అంకె కూడా కనబడింది. రెప్పపాటులో దాని మీద తెల్లటి తెర కప్పేసింది. 'కొత్త వెర్షన్ వచ్చింది. కొనసాగాలంటే అప్‌డేట్ చేయండి.' కింద ఒక్కటే బొత్తాం. తర్వాత చూద్దాం అనే మాట లేదు, వద్దు అనే మాట అసలే లేదు. వెనక్కి నొక్కితే యాప్ మూసుకుంటుంది, మళ్లీ తెరిస్తే అదే చుక్క, అదే తెర. బొత్తాం నొక్కితే ప్లేస్టోరుకు పోయి, అక్కడ ఫోనులో చోటు చాలదంటుంది. వాకిట్లోకి వచ్చినవాడి మొహం చూపించి తలుపు మూసినట్టు చేస్తోంది ముదనష్టపుది!

అత్త పోలేరమ్మ వలకు ముళ్లు వేస్తూ అంతా విన్నది. "దాని పేరే ఆపు అని పెట్టుకుంటే, ఆపకుండా ఎట్టుంటాది?" అంది.

"ఆపు కాదు అత్తా, యాప్."

"ఏదైతేనేం, ఆపింది గదా."

ఇక లాభం లేదని దుర్గ చిట్టమూరు బస్సెక్కింది. అక్కడ జయకుమార్ సెల్లు పాయింటు ఉంది. పగిలిన అద్దం దగ్గర్నుంచి పట్టాదారు పుస్తకం ఆన్‌లైన్ దాకా అన్నిటికీ అతనే వైద్యుడు. ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఫోను నిండిపోయిందక్కా. ఈ వీడియోలు తీసేద్దామా?"

"ఏ వీడియోలు?"

"అన్నవే. అన్న వల లాగేది, అన్న అన్నం తినేది, అన్న ఊరికే నవ్వేది…"

"ఒక్కటి కూడా తియ్యద్దు" అంది దుర్గ. అంగట్లో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. ఆమెకు సిగ్గేసింది, అయినా మాట మార్చలేదు.

"అయితే ఇంకో దారుండాది. పాత యాప్‌ను పూర్తిగా తీసేసి కొత్తది వేస్తా. దాంతో చోటు వస్తాది."

"మెసేజీ పోతాదేమో తమ్ముడూ."

"మెసేజీ కంపెనీ దగ్గర ఉంటాదక్కా, పోదు."

అతను చెప్పింది అబద్ధం కాదు. పాతది పోయింది, కొత్తది దిగింది, తెర మాయమైంది. కొత్త యాప్ మర్యాదగా ఫోను నెంబరు అడిగింది. దుర్గ పెంచల్ నెంబరు చెప్పింది, ఎందుకంటే కంపెనీ దగ్గర ఉన్నది బోటు మనిషి నెంబరే. నిరుడు ఇంట్లో మంచం మీద కూర్చుని, తన ఫోనుకు వచ్చిన ఓటీపీ చూసి, ఈమె ఫోనులో యాప్ తెరిచి ఇచ్చింది పెంచలే.

"ఓటీపీ పోయిందక్కా. ఆ ఫోను ఎక్కడుండాది?"

"ఆయన దగ్గర."

"ఆయనెక్కడుండాడు?"

"సముద్రంలో."

జయకుమార్ ఫోనును మెల్లగా గాజుబల్ల మీద పెట్టేశాడు. అడగకుండా తీసేసినానక్కా అన్నాడు. ఆ తర్వాత డబ్బులు తీసుకోలేదు, టీ తెప్పించాడు, ఓనరు ఆఫీసుకు తనే ఫోను కలిపి ఇచ్చాడు. అవతల గుమాస్తా తెలుగువాడే. నెంబరు మార్చాలంటే మనిషి వచ్చి సంతకం పెట్టాలన్నాడు. వైర్‌లెస్‌లో బోటుకు కబురు చెప్పమంటే, "చావా? ఆస్పత్రా?" అని అడిగాడు.

"అట్టాంటిదేం కాదన్నా."

"కాకపోతే చెప్పం తల్లీ. ఏదైనా ముఖ్యమైన మాటైతే చెప్పు, అందరికీ వినపడేట్టు చదువుతారు."

అందరికీ వినపడితేనే ముప్పు. ఒకడు 'పో' అనిపించుకుని బోటెక్కాడని తెలిస్తే, ఆ తర్వాత చిరిగిన ప్రతి వలకూ వాడే కారణం అవుతాడు, మళ్లీ ఆ బోటు మీదికి రానివ్వరు. ఆ బోటులో తాటికుప్పం మనిషి ఇంకొకడు లేడు, గుట్టుగా చెప్పించడానికి. దుర్గ ఏమీ లేదన్నా అని ఫోను పెట్టేసింది.

ఆ రోజు నుంచి ఆమెకు ఒక పిచ్చి పట్టుకుంది. పొద్దున లేవగానే యాప్ తెరిచి, పెంచల్ నెంబరు కొట్టి, 'ఓటీపీ పంపు' నొక్కేది. 'ఓటీపీ పంపబడింది' అని వచ్చేది. కంపెనీవాడు ఎంత కర్కోటకుడైనా ఆ ఒక్క మాట మాత్రం తియ్యగా రాశాడు. పంపబడింది! తన చేతి నుంచి ఒకటి బయల్దేరి అతని వైపు పోతోంది కదా. చేపలు తిరగేసి ఒకసారి, అన్నం తిని ఒకసారి. అయిదు సార్లు దాటితే 'రేపు ప్రయత్నించండి' అనేది, రేపు ప్రయత్నించేది. ఫోనుకు టవరు లేకపోతే అవి ఒకట్రెండు రోజులు ఎక్కడో కాచుకుని ఉండి ఆరిపోతాయని జయకుమార్ చెప్పాడు. ఆరిపోనీ అంది. అతను లేక ఇల్లు బావురుమంటోంది, మంచానికి అటువైపు పడుకోబుద్ధి కావడం లేదు. అతను ఏం రాశాడో ఏమో. తిట్టి ఉంటే బాగుండు, తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. పెంచల్ పేరు చూసి దుర్గ ఎత్తింది.

"నా నెంబరుకి ఎవడో దొంగోడు తగులుకున్నాడు" అన్నాడు పెంచల్, పలకరింపు లేదు పాడు లేదు. "హార్బరుకొచ్చి ఫోను ఆన్ చేస్తే నిన్నటివీ ఇయ్యాళ్టివీ కలిపి ఏడు ఓటీపీలు. నీకేమన్నా ఫోన్లొచ్చినాయా? వస్తే ఏం చెప్పద్దు."

"దొంగోడు కాదు మావా. నేనే."

"నువ్వా?"

ఆమె చెప్పింది. తెర సంగతి, చోటు సంగతి, వీడియోలు తీయనివ్వని సంగతి, జయకుమార్ సంగతి. పెంచల్ వెనకాల ఐసు గడ్డలు తొట్టిలో పడుతున్న చప్పుడు వినపడుతోంది.

"అయితే నేను రాసినవి ఒక్కటి కూడా చూళ్లేదా?"

"లేదు మావా."

"ఇప్పుడు పంపు. చెప్తా."

దుర్గ నొక్కింది. అతను ఫోనులో చూసి ఆరంకెలూ ఒక్కొక్కటే చదివాడు, ఆమె ఒక్కొక్కటే కొట్టింది. యాప్ తెరుచుకుంది. అయిదు ఉన్నాయి. పైనుంచి చదువుకుంటూ వచ్చింది.

'దుర్గా, కోపంలో అన్నావులే. పోయిరా అని ఒక మాట పంపు.'

'చూసినావా? పంపలేదే.'

'ఎవురికీ చెప్పలేదు. వల దించేటప్పుడు ముందు నా చెయ్యి పెట్టడంలా.'

'రమ్మంటే దిగినాక ఊరికొస్తా. లేకుంటే ఓనరు రెండో బోటులో పోతా. మనిషి తక్కువంట.'

'సరే. పేరిచ్చినా.'

"మావా" అంది దుర్గ. "పేరిచ్చినావా?"

"ఇచ్చినా. నా బదులు రావాల్సినోణ్ణి ఊరికి పంపేసినారు. ఇప్పుడు దిగిపోతే బోటు కదలదు."

"ఎప్పుడు?"

"నాలుక్కి."

తాటికుప్పం నుంచి గూడూరు, గూడూరులో రైలు, రైలు దిగి హార్బరు. ఎగిరిపోయినా నాలుక్కి అందదు. అతనికీ తెలుసు, అందుకే రమ్మనలేదు. ఇంకో ఇరవై రోజులు! దుర్గకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒక తెల్ల తెర, ఒక బొత్తాం, మనిషి గడపదాకా వచ్చి మళ్లీ వెళ్లిపోతున్నాడు. పోవద్దు, నీ బోటూ వద్దు, నీ ఓనరూ వద్దు, వచ్చెయ్యి అని అరవాలని ఉంది.

"ఉండావా?" అన్నాడు పెంచల్. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఇన్నాళ్లూ ఆ మాట చెప్పడం కోసమే కదా ఓటీపీలు పంపింది, చెప్తే గుండె బరువు దిగుతుందనే కదా. తీరా ఇప్పుడు నోరు తెరిస్తే చాలు, ఆ మాటే అతన్ని మళ్లీ సముద్రం మీదికి పంపుతుంది. తెరవకపోతే, ఈసారి కూడా అతను ఒట్టి 'పో'తోనే పోతాడు.

అవతల ఎవరో అరవంలో పెంచల్‌ని కేకేశారు. అతను పలకలేదు.

"పోయిరా మావా" అంది దుర్గ.