జల్లాఖ్ బస్సు, జిదాఫ్స్ రోలు

ముఖేష్ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఎడారి దేశంలో ఇద్దరం ఒకే బస్సు డిపోలో డ్రైవర్లం. టిక్కెట్లు కొట్టేదీ, డబ్బు తీసుకునేదీ మేమే. వాడిది జిదాఫ్స్ రూటు. నాలుగడుగులేస్తే బజారు, బస్సు నిండా జనం. నాది జల్లాఖ్. ఎండలో ఖాళీ సీట్లను అంతదూరం మోసుకెళ్ళాలి. రోజూ పొద్దున్నే క్లర్కు సోమరాజు గోడకి కాగితం అంటిస్తాడు. ఏ రూటుకెంత వచ్చింది, ఎంత దూరం తిరిగింది, కిలోమీటరుకి ఎంత పడింది. పైన వాడు, అడుగున నేను. దూరంతో భాగిస్తే నాకేం మిగుల్తుందండీ!

ఈ నెలలో ఒకరిని ఇన్‌స్పెక్టరుని చేస్తారట. స్టీరింగు పట్టక్కర్లేదు, జీతం ఎక్కువ. ఇంకెవరికిస్తారు, ఆ మహానుభావుడికే!

శుక్రవారం మనామా స్టాండులో నా టిక్కెట్లు అయిపోవస్తే, వాడే విప్పని టిక్కెట్ల రోలొకటి నా చేతిలో పెట్టాడు. "తీస్కో అన్నా, తర్వాత ఆఫీసుల చెప్దాం." నా రోలే సరిపోయింది. వాడిది నా సంచిలోనే ఉండిపోయింది. రాత్రి గుర్తొచ్చింది. ఇవ్వలేదు. ఒక్కరోజు వాడి పేరు పాడైతే నా కళ్ళు చల్లబడతాయనుకున్నాను.

పొద్దున సోమరాజు రోళ్ళ నంబర్లు సరిచూసి, "ముఖేషూ, నీకిచ్చిన వరసలో ఒకటి లేదు. దొరక్కపోతే రోలు మొత్తం అమ్మినట్టే లెక్క, ఆ డబ్బు నువ్వే కట్టాలి. రిపోర్టులో నీ పేరు పడితే ఇన్‌స్పెక్టరు పోస్టు కూడా పోద్ది" అన్నాడు.

ముఖేష్ నావైపు చూశాడు. అయిపోయాను రా బాబూ అనుకున్నాను.

"యాడనో పడ్డట్టున్నది సార్. జీతంల పట్టుకోండ్రి."

చుట్టూ ఉన్న డ్రైవర్లు వాడి భుజం తట్టారు. "నీలాంటోడికి మేనేజరుతో నేను మాట్లాడతాలే" అన్నాడు సోమరాజు. రోలు పోగొట్టుకున్నా వాడు మంచోడే! నన్ను కాపాడి మరీ మంచోడు! ఆ మంచితనం ఒక్క నిమిషం కూడా వాడికి దక్కనివ్వబుద్ధి కాలేదు.

"పడిపోలేదు, నా దగ్గరుంది!" అని సంచిలోంచి తీసి బల్లమీద కొట్టాను.

"నేనే ఇచ్చిన సార్, సంతకం లేకుంట. నా పేరు గూడ రాయుండ్రి" అన్నాడు ముఖేష్.

"ఇచ్చినోడిది పొరపాటు. మరి ఇంతసేపూ నోరు మూసుకున్నోడిదో?" అంటూ సోమరాజు రిపోర్టులో జల్లాఖ్ రూటు ఎదురుగా నా పేరు రాశాడు.

పోస్టు ముఖేష్‌కే వచ్చింది. మొన్న జల్లాఖ్ దారిలో చెయ్యెత్తి నా బస్సే ఎక్కాడు. రోళ్ళు తీసుకుని నంబర్లు ఒక్కొక్కటీ చూశాడు.

"అన్నీ సరిగ్గున్నయన్నా" అని నవ్వి, తనకని తెచ్చుకున్న చల్లటి నీళ్ళ సీసా నా పక్కన పెట్టి దిగిపోయాడు.

చచ్చేంత దాహంగా ఉంది. అయినా ముట్టుకోలేదు.