మైకులో చెప్పిన చుట్టరికం

వక్తృత్వ పోటీకి ముందు న్యాయనిర్ణేతలను పరిచయం చేయడం నా పని. ముగ్గురిలో ఒకరైన లెక్చరరమ్మ నన్ను పక్కకు పిలిచారు.

"పోటీలో మా మేనకోడలుంది. ఆ సంగతి మైకులో ఎందుకులెండి."

"వెనక వరసలో అప్పుడే చెవులు కొరుక్కుంటున్నారండీ," అన్నాను. నాకు ఒళ్లు మండింది.

మైకు అందుకుని ముగ్గురినీ పరిచయం చేశాను. "ఈ మేడమ్ నాలుగో నంబరు అమ్మాయికి మేనత్త. తనకి ఈవిడ మార్కులు వెయ్యరు. తనకి ఇద్దరి సగటు, మిగతా అందరికీ ముగ్గురి సగటు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఇంకో నిమిషం ఉందనగా గంట ఇలా మోగుతుంది. వినగానే కంగారుపడి దిగిపోకండి," అని గంట కొట్టి చూపించాను. బిగుసుకుని కూర్చున్న పిల్లలు నవ్వారు. వెనక వరసలో గుసగుసలు ఆగిపోయాయి.

మేనత్తగారు మాత్రం ముఖం మాడ్చుకున్నారు.

చివరికి ఆ అమ్మాయికి మూడో బహుమతి వచ్చింది. నా వల్లే తగ్గిందేమోనని ఓదార్చబోయాను.

"పోయినేడు ఫస్టొస్తే, అత్త వేసిన మార్కులన్నారండీ. ఆ కప్పు బీరువాలో దాచేశాను," అంది. "దీన్ని ముందు గదిలో పెట్టుకుంటాను."