రెండో వరుసలో సత్తవ్వ

మల్లేశం ఊరి నుంచి తిరిగొచ్చాడంటే మస్కట్‌లోని ఘాలా క్యాంపులో అందరి ముక్కులూ అతని సంచి వైపే తిరుగుతాయి. ఎవరికి మామిడికాయ తొక్కు వచ్చింది, ఎవరికి మక్క గారెలు వచ్చాయి అని. ఆ శుక్రవారం కూడా అంతే. కానీ పోచన్న పేరు పిలిచినప్పుడు మల్లేశం సంచిలో చెయ్యి పెట్టలేదు. బనీను లోపలికి పెట్టాడు. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, దారం కట్టిన చిన్న పొట్లం ఒకటి బయటికి తీశాడు.

"నీ ఇంటామె పంపింది. బంబయి నుంచి ఇక్కడిదాకా బొడ్డుకాడ పెట్టుకొనే వచ్చిన. తొక్కు అనుకుంటున్నవా? రేషన్ కార్డు."

"కార్డా?" పోచన్న అదిరిపడ్డాడు. "అసలు కార్డే పంపిందా? దానికేమన్న మతి పోయిందా?"

"నేను గదే అడిగిన. నకలు రాయించి పంపరాదు అన్న. నకలు రాసేటోడు తప్పు రాస్తే అది కార్డుల తప్పో, వాని చేతి తప్పో మస్కట్ల ఉన్నాయనకు ఎట్ల తెలుస్తది అన్నది. నేను నోరు మూసుకున్న."

శాంతవ్వకు చదువు రాదు. తెలివి ఉంది. కిందటిసారి దెబ్బ తిన్నది కాబట్టి ఇంకా ఎక్కువ ఉంది. మొదటి కార్డు వచ్చినప్పుడు కంట్రోలు దుకాణం వాడే దాన్ని చదివి "అంతా మంచిగున్నది పో" అన్నాడు. ఆమె నమ్మింది. అయిదు నెలలు బియ్యం తక్కువ వచ్చాక, పక్కూరి ఆయుర్వేదం డాక్టరు చూసి చెప్పాడు, కార్డులో ముసలామె పేరే లేదని. బడి పంతులుకు చూపిద్దామంటే అతను దుకాణం వాడి బావమరిది. పట్వారీకి చూపించాలంటే ముందు అతని వాకిట్లో పొద్దంతా నిలబడాలి. చదువుకున్నవాళ్లంతా ఒకరికొకరు చుట్టాలైన ఊళ్లో చదువురాని మనిషి తన కాగితాన్ని సముద్రం దాటించి చదివించుకోవలసి వచ్చింది. ఇది సిగ్గుపడాల్సిన సంగతి. శాంతవ్వ సిగ్గుపడాల్సింది మాత్రం కాదు.

ముసలామె పేరు ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. పోచన్న తల్లి పేరు సత్తవ్వ. కూతురు పుట్టినప్పుడు ఆ పిల్లకూ అదే పేరు పెట్టారు. వాళ్ల ఇళ్లల్లో అది మామూలే. అత్త పేరు నోటితో అనకూడదు కనుక శాంతవ్వ పిల్లను పెద్దులు అని పిలుస్తుంది. కాగితం మీద మాత్రం ఇద్దరూ సత్తవ్వలే. తాలూకా కచేరిలో కార్డు రాసిన గుమాస్తా, పేరు రెండుసార్లు పడింది అనుకుని ఒకటి కొట్టేశాడు. పసిపిల్ల ఉండిపోయింది. ముసలమ్మ ఎగిరిపోయింది. కచేరి వాడికి పేరంటే సిరా. దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడే వాళ్లకు పేరంటే గింజ.

సత్తవ్వ ఎప్పుడూ అందరూ తిన్నాక తినే మనిషి. ఆ అయిదు నెలలు అందరూ తిన్నాక గంజి మాత్రమే మిగిలింది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి పోచన్నకు ఇక్కడ కంపెనీ మెస్సులో ముద్ద దిగడం లేదు. అన్నం కలుపుతాడు, సగంలో లేస్తాడు.

కార్డు దిద్దమని దరఖాస్తు రాసింది ఈ గదిలోనే. రాసింది దేవదాసు. ఏడో తరగతి దాకా చదివి, రాళ్లు కొట్టడానికి వచ్చిన మనిషి. క్యాంపులో తెలుగు ఉత్తరాలన్నీ అతని చేతి మీదుగానే పోతాయి. శాంతవ్వ పేరుతో రాశాడు, ఆమె వేలిముద్ర వేసి కచేరిలో ఇచ్చింది. మూడు నెలలు తిరిగితే ఇప్పుడు ఈ కొత్త కార్డు చేతికొచ్చింది.

"కచేరిల ఏమన్నరంటే," మల్లేశం చెప్పాడు, "తప్పుంటే ఈ నెలాఖరు లోపల తెమ్మన్నరట, ఈ దరఖాస్తు మీదనే దిద్దుతరట. నెల దాటితే మళ్ల కొత్త దరఖాస్తు, మళ్ల తిరుగుడు. ఈ నెల సామాను తెచ్చుకున్నది, ఒకటో తారీఖు దాకా కార్డుతోటి పని లేదన్నది. రేపు పొద్దున బాబు మియా పోతున్నడు గదా, ఆయన చేతికియ్యాలె."

బాబు మియా వాటర్ ట్యాంకర్ డ్రైవరు. పోచన్న ఊరికి మూడు కోసుల దూరంలో అతని ఊరు. ఎదురు గదిలో పెట్టెకు తాడు కట్టుకుంటున్నాడు. అంటే ఈ ఒక్క పూటలో చదవడం అయిపోవాలి.

దేవదాసు చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, మంచం మీద కార్డు విప్పాడు. పోచన్న పక్కన కూర్చున్నాడు.

"చదువు దాసన్నా. ఒక్కొక్క అక్షరం చదువు."

"కుటుంబ యజమాని..." దేవదాసు వేలు ఆగింది. "శాంతవ్వ."

"శాంతవ్వనా? నేనేడున్న?"

దేవదాసు వేలు కిందికి పోయింది, మళ్లీ పైకి వచ్చింది. "నువ్వు లేవు."

"లేనా?"

"ఏడ లేవు. కింది వరుస విను. సత్తవ్వ, అరవై. సంబంధం..." అతను కళ్లు చిట్లించాడు. "అత్త."

పోచన్న లేచి నిలబడ్డాడు.

"అత్త ఏంది? మా అత్త పేరు లచ్చవ్వ. పోయి ఆరేండ్లాయె. నా తల్లి ఏడున్నది? తల్లి అని రాయమంటే అత్త అని రాస్తడా ఆ కొడుకు? నన్ను తీసిపారేసి, మా అవ్వను తీసిపారేసి, ఎవలదో అత్తను తెచ్చి మా ఇంట్ల కూసోబెట్టిండు!"

"నేను తల్లి అనే రాసిన, పోచన్నా," దేవదాసు కూడా గొంతు పెంచాడు. "ఏసయ్య మీద ఒట్టు. తల్లి సత్తవ్వ అరవై, కూతురు సత్తవ్వ అయిదు. ఇద్దరూ వేర్వేరు మనుషులు అని కింద గీత కూడ కొట్టిన."

పోచన్న చెవికి అదేదీ ఎక్కలేదు. ఇక్కడ బతాకా అనే గుర్తింపు కార్డులో పేరుంటేనే మనిషి. ఆ కార్డు లేకుండా రోడ్డు మీద దొరికితే ఎవడూ అడగడు, నువ్వు సచ్చినవా బతికినవా అని. ఇప్పుడు ఊళ్లో కూడా పేరు లేదు. తన పేరు పోతే పోయింది. తల్లి పేరు రావడానికి మూడు నెలలు శాంతవ్వ కాళ్లరిగేలా తిరిగింది. మళ్లీ ఇంకో మూడు నెలలా? అరవై ఏళ్ల మనిషి ఇంకెన్ని నెలలు గంజి తాగుతుంది?

"రాయి దాసన్నా. ఇప్పుడే రాయి. గట్టిగ రాయి. బాబు మియా చేతికే ఇస్త."

దేవదాసుకు కోపమొస్తే కలం బాగా నడుస్తుంది. 'అయ్యా, తమరు మా తల్లిని అత్తగా వ్రాసినారు, ఇది ఘోరమైన తప్పు, వెంటనే అత్త అను మాట కొట్టివేసి తల్లి అని వ్రాయవలెను' అని అర పేజీ నింపేశాడు. మల్లేశం కూడా పక్కన నిలబడి "కలెక్టరుకు కూడ నకలు అని రాయి, భయపడ్తరు" అని ఎగదోశాడు.

ఈ కేకలకు బాబు మియా పెట్టె వదిలేసి వచ్చాడు. నోట్లో బీడీ, చేతిలో తాడు ముక్క.

"అరె, ఏమాయె భాయ్? ఎవలన్న పోయిన్రా?"

"నేనే పోయిన!" అన్నాడు పోచన్న. "కార్డుల నా పేరు లేదు. అవ్వను అత్తను చేసిన్రు."

బాబు మియాకు తెలుగు చదవడం రాదు. కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు, మొదటి వరుస మీద బొటనవేలు పెట్టాడు.

"దాసన్న, ఈడ ఎవల పేరున్నది?"

"శాంతవ్వ."

"కార్డు ఎవల పేరు మీదున్నట్టు?"

"శాంతవ్వ పేరు మీద."

"అయితే ముసలామె శాంతవ్వకు ఏమైతది?"

దేవదాసు నోరు తెరిచాడు. అత్త అనే మాట పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. మల్లేశం నెత్తి గోక్కున్నాడు. పోచన్న ఒక్కడే ఇంకా అర్థం కాక చూస్తున్నాడు.

"అరె పోచన్న భాయ్! మీ అవ్వ నీకు తల్లి. మీ బీవీకి అత్త. కార్డుల పెద్దమనిషి నువ్వు కాదు, మీ బీవీ. ఆమె దిక్కు నుంచి రాస్తరు. మా ఇంట్ల కూడ గట్లనే. ఎనిమిదేండ్లాయె, మా బీవీ సఫూరా పేరు మీదున్నది. మా అమ్మను సాస్ అని, అత్త అని రాసిన్రు. నేను కొట్లాడిన్నా?"

"మరి నా పేరు?"

"దరఖాస్తుల ఏం రాసినవ్ దాసన్న? ఈయన ఏడున్నడని రాసినవ్?"

దేవదాసు పెట్టె తెరిచి తాను దాచుకున్న కార్బన్ కాపీ తీశాడు. చదివాడు. రెండో వాక్యంలోనే ఉంది. 'నా భర్త మస్కట్ దేశమందు పని చేయుచున్నాడు.'

"గదే మరి. ఊర్ల లేనోనికి బియ్యం ఎందుకిస్తరు? నువ్వు ఈడ కంపెనీ అన్నం తింటున్నవ్. ఆడ కూడ తింటవా? రెండు కడుపులున్నయా నీకు?" బాబు మియా నవ్వాడు. "ఊరికి పోయినంక పాసుపోర్టు చూపియ్యి, మళ్ల రాస్తరు. మీరు తల్లి అని రాసినా ఈ గుమాస్తా సరిజేసి మంచిగనే రాసిండు. తప్పు రాస్తున్నది మీరు."

అప్పుడు పోచన్న చూపు మంచం మీద ఉన్న అర పేజీ మీద పడింది. సిరా ఇంకా ఆరలేదు. అది బాబు మియా జేబులో పడి కచేరికి చేరి ఉంటే! శాంతవ్వ పేరు కింద తల్లి అని దిద్దితే, ముసలామె శాంతవ్వకు తల్లి అయ్యేది. ఈ ఇంట్లో ఆ మనిషి ఎవరని దుకాణం వాడు మళ్లీ అడిగేవాడు. చేతికొచ్చిన సరైన కార్డును తామే పాడు చేసుకునేవాళ్లు. కాగితాన్ని రెండుగా, నాలుగుగా చింపాడు.

"ఇగ ఒర్రుడు బందు పెట్టి, సక్కగ చూద్దాం," అన్నాడు దేవదాసు. తాను తొందరపడ్డానన్న సిగ్గు అతని మొహంలో ఉంది. ఈసారి కార్బన్ కాపీ మల్లేశం చేతికిచ్చాడు. మల్లేశం కూడబలుక్కుంటూ ఒక పేరు, వయసు చదవాలి. దేవదాసు అదే పేరు కార్డులో చూసి చెప్పాలి. పేరు, సంబంధం, వయసు. మూడూ చూశాకే తర్వాతి వరుస.

"శాంతవ్వ, ముప్పై."

"శాంతవ్వ. యజమాని. ఇరవై ఏడు."

"మూడేండ్లు తగ్గించిండు!" మల్లేశం ఎగిరాడు. "పోచన్నా, మీ ఇంటామె పడుచుదైంది!"

"దిద్దమని రాయాల్నా?" దేవదాసు అడిగాడు.

పోచన్న ఆలోచించాడు. శాంతవ్వకు ముప్పై అన్నది కూడా ఉజ్జాయింపే. ఎవరు రాసిపెట్టారు గనక? "ఇరవై ఏడైనా పెద్దమనిషి బియ్యమే వస్తది గదా?"

"వస్తది."

"ఉండనీ. కార్డు మళ్ల ఆ కచేరి మొకం చూడొద్దు."

"సత్తవ్వ, అరవై."

"సత్తవ్వ. అత్త. అరవై."

"సత్తవ్వ, అయిదు."

"సత్తవ్వ. కూతురు. అయిదు."

"అడుగున మొత్తం చూడు," అన్నాడు బాబు మియా. "దుకాణపోడు పేర్లు చదవడు, అడుగు లెక్క చూసి తూకమేస్తడు."

దేవదాసు కార్డును వెలుతురుకు పట్టాడు. "పెద్దలు ఇద్దరు. పిల్లలు ఒకరు." మళ్లీ చదివాడు. "పెద్దలు ఇద్దరు. కింద మొహరు ఉన్నది, దస్కతు ఉన్నది."

పోచన్న దేవదాసు దగ్గర కలం అడిగి తీసుకున్నాడు. తల్లి పేరు పక్కన చిన్న గుర్తు పెట్టబోయాడు, శాంతవ్వ వేలు పెట్టి చూసుకోవడానికి. బాబు మియా గభాలున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"హటావో! కార్డు మీద మన గీత పడితే అంతే సంగతి. దిద్దుకున్నరు అంటడు, గుంజుకుంటడు. ఏమన్న చెప్పేదుంటే నాకు చెప్పు, నోటితోటి చెప్త."

పోచన్న కలం కింద పెట్టాడు. కార్డును పాత మడతల మీదనే మడిచి, ప్లాస్టిక్‌లో చుట్టి, దారం కట్టి బాబు మియా చేతిలో పెట్టాడు.

"శాంతవ్వతోటి చెప్పు. మొదటి వరుస ఆమెది. రెండో వరుస అవ్వది. మూడోది పెద్దులుది. దుకాణపోడు చదువుత అంటే వద్దను. మాకు తెలుసను."

"ఇంకా?"

"ఇంకా... అవ్వను అందరితోటి కూసోని తినుమను. ఆమె పేరు కచేరోళ్లే రాసిన్రని చెప్పు."

బయట మెస్సు గంట కొట్టారు. శుక్రవారం కాబట్టి మేక మాంసం. పోచన్న పళ్లెం తీసుకుని అందరికంటే ముందు నడిచాడు. మెస్సులో గరిటె పట్టుకున్న మలబారు మనిషికి ఇతని సంగతి తెలుసు, సగం వదిలేసే మనిషి అని. అందుకే ఒక్క గరిటె వేసి ఆగాడు.

"ఔర్ డాలో," ఇంకా వెయ్యమన్నాడు పోచన్న, పళ్లెం వెనక్కి తీయకుండా.