కంఠస్థం మేడమ్

ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయినా ఆమె గొప్పలు చెప్పుకోవడం మాత్రం మానలేదు. తను పనిచేసిన గిడ్డంగిలో ఏ లారీ ఏ గేటుకు రావాలో, ఏ సరుకు ముందు ఎక్కాలో అంతా తన బుర్రలోనే ఉండేదట. అందుకే అక్కడందరూ ‘కంఠస్థం మేడమ్’ అని పిలిచేవారట. తను మానేశాక మూడు నెలల పాటు వాళ్లు ఫోన్లు చేసి బతిమాలుకున్నారట. ఈ కథ విని విని పదేళ్ల కూతురు ఊ కొట్టడం కూడా మానేసింది.

అలాంటి ఉద్యోగమే ఇంకో గిడ్డంగిలో ఖాళీగా ఉందని పాత స్నేహితురాలు కబురు చేసింది. రేపటికల్లా రెజ్యూమె పంపాలంది. ఇదీ చేజారితే విరామం పదేళ్లు దాటుతుందని, ఆపైన తన రెజ్యూమెను తెరిచి చూసే దిక్కుండదని ఆమె బెంగ.

పొద్దున్నుంచి కూర్చుని ఆమె రాసింది ఒకటే వాక్యం: లారీల పని చూసేదాన్ని. దాని కింద, ఈ తొమ్మిదేళ్ల ఖాళీని పూడ్చడానికి ‘గృహ నిర్వహణాధికారి’ అని పెట్టి, చదువుకుని, సిగ్గేసి కొట్టేసింది.

“అమ్మా, ఇంతేనా? రోజూ అంత చెప్తావుగా” అంది కూతురు.

చేరిన తేదీ, పదవి పేరు సరిగ్గా రాయాలి కదా అని ఆమె అటక మీది ఫైలు దింపింది. అందులో అప్రైజల్ లెటర్లు బయటపడ్డాయి, ఏడాదికొకటి. ఆ ఆఫీసులో అందరిదీ ఒకే అలవాటు: కవరు చింపడం, మొదటి పేజీలో జీతం ఎంత పెరిగిందో చూడడం, మడిచి సంచిలో పెట్టేయడం. రెండో పేజీ జోలికి ఎవరూ పోరు. ఆమే ఎందుకు పోతుంది?

ఇప్పుడు పోయింది. రేటింగు అయిదుకి మూడు. ఏ ఏడు చూసినా మూడే. ఒక్క ఏడు మాత్రం మేనేజరు నాలుగిచ్చాడు. విభాగానికి ఇన్నే నాలుగులని కోటా ఉంటుంది కాబట్టి, పైవాళ్లు సర్దుబాటు చేసి దాన్నీ మూడు చేశారు. ‘ఈమె వేసిన టైము పట్టిక వల్ల గేటు దగ్గర లారీ ఆగే సమయం నాలుగు గంటల నుంచి గంటన్నరకు తగ్గింది’ అని ఆ మేనేజరే రాశాడు. ఆమె ఛాతీ ఉప్పొంగింది. కింది గడిలో ‘మెరుగుపడవలసినవి’ అని ఉంది. ‘పని పద్ధతి రాసిపెట్టరు. ఈమె సెలవు పెడితే విభాగం ఆగిపోతోంది.’ మరుసటి ఏడూ అదే. ఆ తర్వాతి ఏడు: ‘ఇది మళ్లీ చెబుతున్నాము.’

తొమ్మిదేళ్లుగా ఆమె మెడలో వేసుకు తిరుగుతున్న పతకం ఫిర్యాదని తేలింది. మూడు నెలల ఫోన్లు ఆమె గొప్పతనానికి కాదు, ఆమె రాసిపెట్టకుండా వచ్చినందుకు.

“ఇదిగో, నా తువ్వాలెక్కడ?” స్నానాల గదిలోంచి భర్త కేక.

“రెండో అరలో, దుప్పట్ల వెనక” అనేసి, నాలిక కరుచుకుంది.

“ఇదీ రాసిపెట్టలేదా అమ్మా?” అంది కూతురు, లెటరు మీంచి తలెత్తకుండా.

ఆ లెటర్లను రెజ్యూమెకి జత చేయలేదు. వాటి మీద ‘గోప్యం’ అని ముద్ర ఉంది, పైగా జీతం అంకెలూ ఉన్నాయి. నాలుగు గంటలు గంటన్నర అయిన సంగతి మాత్రం మొదటి వరుసలో రాసింది. ఖాళీ గురించి దాచకుండా, ‘పాప పెంపకం కోసం విరామం’ అని ఒక్క ముక్కలో తేల్చేసి పంపింది.

వారం తిరక్కుండానే ఇంటర్వ్యూకి పిలిచారు. అక్కడి మేనేజరు నడివయసు మహిళ. మీలో లోపం ఏమిటని అడిగింది. ‘పని పూర్తయ్యేదాకా నిద్రపోను’ అనే జవాబును ఆమె అద్దం ముందు బాగానే వల్లె వేసింది. తీరా నోరు తెరిస్తే ఆ లెటర్లలోని మాటే బయటికొచ్చింది.

“మరి ఇప్పుడు మారారా?”

సంచిలో ఫోను బుర్రుమంది. ఆగింది. మళ్లీ మొదలెట్టింది.

“తీయండి, అర్జెంటేమో.”

“అర్జెంటేం కాదండీ. మా ఆయనకి పొయ్యి లైటరు కనబడి ఉండదు, అంతే. మారానంటే మీరు నమ్మరు. నేనే నమ్మను.” ఫోను ఆపేసింది.

మేనేజరు నవ్వాపుకుంటూ ఒక తెల్ల కాగితం ముందుకు తోసింది. అయిదు లారీలు ఒకేసారి వచ్చాయి, గేట్లు రెండే. మీరు సెలవులో ఉన్నారు. ఏం చేయాలో రాయండి, అంది. ఆమె రాసింది: పాడయ్యే సరుకు ముందు, దూరం పోయే లారీ తర్వాత, మిగతావి మామూలుగా. మేనేజరు ఆ కాగితాన్ని కొత్తగా చేరిన గుమస్తా అమ్మాయికిచ్చి చదవమంది.

“మామూలుగా అంటే ఎలాగండీ?” అంది ఆ అమ్మాయి.

ఆమె దగ్గర జవాబుంది, బుర్రలో. ఆ అమ్మాయికి చెప్పబోయి ఆగింది. కాగితం వెనక్కి తీసుకుని, ‘మామూలుగా’ కొట్టేసి, ‘ముందు వచ్చినది ముందు, వచ్చిన సమయం గేటు పుస్తకంలో చూడాలి’ అని రాసింది. ఈసారి అమ్మాయి ఏమీ అడగలేదు. అయిదు లారీలకూ వరుసగా అంకెలు వేసేసింది.

ఉద్యోగం ఇచ్చారు, షరతు మీద. మూడు నెలలయ్యాక వారం సెలవు పెట్టాలి. ఆ వారంలో ఆఫీసు నుంచి ఒక్క ఫోనూ రాకపోతేనే ఖాయం చేస్తారు.

ఇంటికొచ్చేసరికి భర్త టీ తాగుతున్నాడు. “నువ్వు ఫోనెత్తకపోతే లైటరు నేనే వెతుక్కున్నా. పొయ్యి పక్కనే ఉంది” అన్నాడు గర్వంగా.

ఆమెకు కాస్త చివుక్కుమంది. ఫరవాలేదు, ఇది అలవాటు చేసుకోవాల్సిందే అనుకుంటూ, టీ పొడి ఎక్కడుందో ఎలా తెలిసిందని మాత్రం అడక్కుండా ఉండడానికి నానా తంటాలు పడింది.