పసుపు పెట్టలే నింకా

రంగప్రియకు పొద్దున్నే కాఫీ ఎంత ముఖ్యమో, కామెంట్లు చదువుకోవడం కూడా అంతే ముఖ్యం. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్తుంది. ఇంటికొస్తే కింది పోర్షన్లో ఉండే చంద్రకాంతమ్మవ్వను కూర్చోబెట్టి, ఆమె చేత పాటలు పాడించి, ఫోన్లో పట్టి తన ఛానల్లో పెడుతుంది. అవ్వది కాణిపాకం పక్కన పల్లె. కలుపు తీసేటప్పటి పాటలు, దంపుడు పాటలు, మొగుణ్ణి దెప్పే పాటలు, ఒకటా రెండా! పాడమంటే చాలు, వక్కాకు పక్కన పెట్టి మొదలుపెడుతుంది. ఆపడమే కష్టం.

పాట వినేవాళ్ళకంటే దాని కింద అర్థం అడిగేవాళ్ళే ఎక్కువ. రంగప్రియ ఓపిగ్గా చెప్తుంది. అర్థం సరిగ్గా చెబితే పాటలో ఉండేది కొంచెం అడిగినవాళ్ళ ఇంటికి చేరుతుంది కదా, అందుకని చూసి చెప్పాల. సంగటి పాటకు అర్థం చెప్పినప్పుడు బెంగుళూరులో ఒకామె, "థాంక్స్ మేడం, వేడి సంగటి వాసన వచ్చింది, పక్కన నంజుకునే ఊరిబిండి పచ్చడి కూడా చెప్పి ఉంటే బాగుండేది" అని రాసింది. నాట్ల పాట అడిగిన హైదరాబాదు ఆయనకు నాలుగో అంతస్తులో మోకాళ్ళదాకా బురదయ్యింది. పనిమనిషి తిడతా ఉందని ఏడుపు బొమ్మ పెట్టినాడు. తప్పు చెబితే మాత్రం ఏమీ చేరదు. రంగప్రియ అట్లాంటివి తీసేసి మళ్ళీ రాస్తుంది. ఇందులో పెద్ద విశేషమేముంది, అర్థం చెప్పేవాళ్ళందరికీ ఉండే పాట్లే.

ఆ గురువారం పొద్దున ధనంజయ అనే ఆయన రాసినాడు.

"మేడం, 'గడప కడిగితి మామా' పాటలో రెండో లైన్‌కి అర్థం చెప్పగలరా? వీడియో కింద అక్షరాల్లో 'పసుపు పెట్టలేనింక' అని పడుతోంది. కొంచెం తొందరండి."

అవ్వ పాడతా ఉంటే వీడియో కింద అక్షరాలు తమంతట తామే పడతాయి. ఆ అక్షరాలు వేసేది మిషనో మాయో గానీ, దానికి చిత్తూరు యాస అంటే బొత్తిగా తెలీదు. ఆ సంగతి రంగప్రియకు తెలుసు. తెలిసి కూడా కాలేజీ బస్సు టైమవుతా ఉందని, నిలబడే నాలుగు వాక్యాలు కొట్టింది.

"పసుపు మన ఆడవాళ్ళకు సౌభాగ్యం గుర్తు. శుక్రవారం గడపకు పసుపు పెట్టడమంటే ఇల్లు, సంసారం చల్లగా ఉండాలని. 'పెట్టలేనింక' అంటే ఇక నావల్ల కాదు, ఈ సంసారం నేను మొయ్యలేను అని ఆ ఇల్లాలు చెప్తా ఉంది. చాలా బాధ నిండిన పాటండి."

బస్సు దిగేసరికి జవాబొచ్చి ఉంది.

"అర్థమైందండి. నేను కూడా అదే అనుకున్నాను. మాది రాజమండ్రి. మా ఆవిడ నాగవేణిది చిత్తూరు. విడాకుల కేసు, రేపు చిత్తూరు కోర్టులో ఆఖరు సంతకాలు. అందుకే వచ్చి ఇక్కడ లాడ్జిలో దిగాను. పోయిన వారం తను ఈ పాట స్టేటస్‌లో పెట్టింది. నాకేదైనా చెబుతోందేమో అని ఆశపడ్డాను. సరే, రేపు పెట్టేస్తాను సంతకం. మీకు శ్రమిచ్చాను."

రంగప్రియ దాన్ని చదువుకుంటానే మెట్లెక్కింది. క్లాసులో పిల్లలు అటెండెన్స్ తీసుకోమని అరస్తా ఉంటే పట్టించుకోకుండా గబగబా కొట్టింది: "మీకేమైనా చేరిందా? పసుపు వాసనగానీ, ఇంకేదైనా?"

"ఏమీ లేదండి. లాడ్జిలో ఫ్యాను గాలి, అంతే."

అయ్యో దేవుడా, తప్పు చెప్పేసినాను!

"ఆగండి," అని రాసింది. "సంతకం పెట్టొద్దండి, నేను మళ్ళీ చెప్తాను." మనిషి కాపురం మీద తొందరపడి నాలుగు వాక్యాలు రాసిన తన చేతుల మీద తనకే కోపమొచ్చింది.

సాయంత్రం నేరుగా కింది పోర్షన్‌కే పోయింది. అవ్వ చిక్కుడుకాయలు ఒలస్తా ఉంది.

"అవ్వా, ఆ గడప పాట ఒకసారి మళ్ళీ సెప్పు. పాడొద్దు, మాటలు సెప్పు సాలు."

"పాటను పాడకుండా ఎట్లా సెప్తారమ్మే? మాటలు యాడికి పోయినాయో నాకేం తెలుసు!" అని నవ్వి, అవ్వ గొంతు సవరించుకొని పాడనే పాడింది. "గడప కడిగితి మామా... పసుపు పెట్టలే... నింకా..."

రంగప్రియ చెయ్యెత్తింది. "అక్కడ ఆగు. 'పెట్టలేనింక'నా, 'పెట్టలే నింకా'నా?"

"రెండూ ఒకటేగా?"

"ఒకటి కాదవ్వా! 'పెట్టలేను' అంటే చేతగాదని."

"అయ్యో, ఎవురన్నారట్లా? పసుపు పెట్టేదానికి చేతగాకపోవడమేంది, దానికేమన్నా బండ మొయ్యాల్నా? పెట్టలే. పెట్టలేదు. నేనింకా పెట్టలే. పాటలో దరువు కుదరక 'నే' మింగేస్తాము."

రంగప్రియ తల మీద చెయ్యి పెట్టుకుంది. పెట్టలే. ఆమె కూడా పుట్టినప్పటినుంచి రాలే, తినలే, పోలే అనే మాట్లాడతా ఉంది! పుస్తకాల తెలుగు పది మందికి చెప్పి చెప్పి, సొంత నోట్లో మాట చెవికి ఎక్కకుండా పోయింది. పైగా 'ఇంక' కాదది, చివర దీర్ఘముండాది. 'ఇంక' అంటే అయిపోయినట్టు. 'ఇంకా' అంటే మిగిలి ఉన్నట్టు.

"మరి ఎందుకు పెట్టలేదవ్వా? కడిగినామె పెట్టొచ్చు కదా?"

"నాకేం తెలుసు! మా అత్త పాడతా ఉండె, నేను పాడతా ఉండా. పాటకు కారణాలడుగుతారా ఎవురైనా?" అని అవ్వ మళ్ళీ చిక్కుళ్ళ మీద పడింది.

సగం తెలిసింది. సగం చెబితే ఏమీ చేరదు. గడప కడగడమంటే శవాన్ని ఎత్తినాక కూడా కడుగుతారు, పండగకూ కడుగుతారు. పసుపు పెట్టకుండా వదిలేసిందంటే మైలేమో, అలకేమో, పసుపు అయిపోయిందేమో. రంగప్రియ రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. భర్త పరాశర్, "ఏమైంది, నిద్రపో" అన్నాడు రెండుసార్లు.

తెల్లవారితే శుక్రవారం. పరాశర్ పాలప్యాకెట్లకని పోయినాడు. రంగప్రియ తలకు పోసుకొని, గడప కడిగి, పసుపు కలిపిన గిన్నె పట్టుకొని నిలబడింది. చూస్తే ఈయన వీధి మలుపులో ఎవరితోనో కబుర్లు పెట్టుకొని ఉన్నాడు.

"ఏమండీ! ముందు లోపలికి రండి, గడపకు పసుపు పెట్టాల!"

"నువ్వు పెట్టేసేయ్, నేను దాటుకొని వస్తాలే!"

"పచ్చి పసుపు మీద కాలు పడితే? మీరొచ్చినాకే పెడతా, రండి తొందరగా!"

అనేసి, అన్న మాట తనే విని, గిన్నె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. పరాశర్ వచ్చి, తడి గడప దాటి, పాలప్యాకెట్లు పట్టుకొని ఆమె ముఖం చూసి, "ఏమైంది?" అన్నాడు.

"ఆమె ఆయన కోసం చూస్తా ఉందండీ," అంది రంగప్రియ. పాలు చేతికి తీసుకోకుండానే, అక్కడే మెట్టు మీద కూర్చుని ఫోను తీసింది. ఈసారి ఒక్కో మాటా సరిచూసుకుంటా రాసింది.

"ధనంజయ గారూ, నిన్న తప్పు చెప్పినాను, మన్నించండి. ఇది సరైన అర్థం.

'మామా' అంటే మా పక్క భర్తను పిలిచే పిలుపు. మేనమామను, మేనబావను చేసుకునే ఇండ్లలో నుంచి వచ్చింది. కోపంలో ఉండే ఆడది మామా అని పిలవదు. 'కడిగితి' అంటే కడిగినాను.

'పెట్టలే' అంటే పెట్టలేను అని కాదు. మా రాయలసీమలో పెట్టలేదు అని. మీ వైపు 'పెట్టలేదు' అని నిండుగా అంటారు, అందుకే మీకు వేరేగా వినపడింది. కింద పడే అక్షరాలు కూడా అట్లాగే పొరపాటు పడినాయి. 'నింకా' అంటే నేనింకా. 'ఇంక' కాదు, 'ఇంకా'. నేనింకా పెట్టలేదు అని.

ఎందుకు పెట్టలేదంటే, శుక్రవారం పొద్దున గడప కడిగినాక పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాము. పచ్చి పసుపును ఎవరూ తొక్కకూడదు. అందుకే ఇంట్లోకి రావాల్సినవాళ్ళందరూ వచ్చినాకే పెడతాము. గడప కడిగి పెట్టుకొని, ఇంకా పసుపు పెట్టలేదంటే, రావాల్సిన మనిషి ఒకరు ఇంకా రాలేదని. నువ్వొచ్చి గడప దాటితే పెడతాను, రా, అని పిలస్తా ఉంది. నోరు తెరిచి రమ్మనడానికి అభిమానం అడ్డమొచ్చినవాళ్ళు పాడుకునే పాట ఇది.

ఈ రోజు శుక్రవారమండి."

పంపించేసి ఊపిరి పీల్చింది. కాఫీ పెట్టలే, వంట మొదలుపెట్టలే. ఫోను వైపే చూస్తా ఉంది. జవాబు వచ్చేసరికి పరాశర్ తనే కాఫీ కలిపి తెచ్చినాడు.

"మేడం, ఇప్పుడే చదివాను. ఈ లాడ్జి గదికి గడపే లేదు, నేల పొడిగానే ఉంది. కానీ నా అరికాళ్ళు తడిసిపోయాయి. చల్లటి నీళ్ళు, అప్పుడే కడిగినట్టు. నాగవేణి వాళ్ళ ఇల్లు గిరింపేటలో, అక్కడికి ఈ టైమ్‌లో ఆటోలు దొరుకుతాయా?"

"దొరుకుతాయి, పరిగెత్తండి!" అని కొట్టింది రంగప్రియ. కొడతా ఉంటే కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

ఆ రోజు కాలేజీలో ఏం పాఠం చెప్పిందో ఆమెకే తెలీదు. మధ్యాహ్నం దాకా ఏ కబురూ లేదు. పోయినాడో లేదో. పోయినా ఆమె రానిచ్చిందో లేదో. కోర్టులో కూర్చొని ఉన్నాడేమో, ఎదురుగా ఆమె కూడా కూర్చొని ఉందేమో. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అవ్వ దగ్గర కూర్చున్నప్పుడు ఫోను మోగింది. రంగప్రియ పైకి చదివింది.

"మేడం, నాగవేణి గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. గడప తడిగా ఉంది. నన్ను చూసి పక్కకి జరిగింది. నేను లోపలికి వెళ్ళగానే వంగి పసుపు రాసేసింది. తర్వాత లాయరు ఫోన్ చేశాడు, పేర్లు పిలుస్తారు, ఇద్దరూ వచ్చెయ్యండి అని. నేను లేచాను. పసుపు ఇంకా పచ్చిగానే ఉంది. 'ఆరనీ' అంది నాగవేణి. కూర్చున్నాను. కాసేపటికి తను కూడా వచ్చి కూర్చుంది. గడప మీద ఎండ పడుతోంది, వాకిట్లో ముగ్గు కూడా ఆరిపోయింది, పసుపు మాత్రం ఆరలేదండి. కోర్టులో మా పేర్లు పిలిచారట. ఇద్దరం లేము. ఇప్పటికీ పచ్చిగానే ఉంది. ఏం చెయ్యమంటారు?"

రంగప్రియ ఫోను అవ్వ వైపు తిప్పింది. అవ్వ చేతిలో వక్కాకు మడస్తా, ఇందులో అడిగేదేముందన్నట్టు చూసింది.

"పచ్చి పసుపు తొక్కి యాడికి పోతాడంట? ఆ పిల్ల అన్నం పెడతాదిలే, కూర్చొని తినమని రాయి."